రేంజ్ చెక్ రన్ చేసే ముందు హైట్ కాలమ్‌లో ఇవి చూస్కోండి

హైట్ 100 నుంచి 220 సెంటీమీటర్ల మధ్య ఉండాలని రూల్ పెట్టేసి హాయిగా ఉంటాం కదా, దానికి ముందు ఇవి:

– కాలమ్‌లో కొందరు 5.11 అని రాస్తారు, అంటే 5 అడుగుల 11 అంగుళాలు, 180.3 సెం.మీ. దాన్ని నేరుగా 30.48తో గుణిస్తే 155.8 వస్తుంది, అదీ రేంజ్‌లోనే ఉంటుంది కాబట్టి రూల్ నోరెత్తదు, తప్పు అలాగే రిపోర్ట్ దాకా వెళ్ళిపోతుంది. చుక్క దగ్గర విడగొట్టి అడుగులు×30.48, అంగుళాలు×2.54 చేసి కలపండి. చుక్క తర్వాత 11 దాటిన నంబర్ కనిపిస్తే (5.75 లాంటిది) అది నిజంగానే దశాంశం, పక్కన పెట్టి చూడండి.

– ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గానే లోడ్ చేయండి. నంబర్‌గా చదివితే 5.10 కాస్తా 5.1 అయిపోతుంది, 177.8 ఉన్న మనిషి 154.9కి కుంగిపోతాడు. తర్వాత వెనక్కి తెచ్చే దారి లేదు.

– కామాలన్నీ గుడ్డిగా తీసేయొద్దు. కొన్ని దేశాల్లో కామానే దశాంశ బిందువు, బరువు కాలమ్‌లో అయితే 72,5 కాస్తా 725 అవుతుంది. ఇది రేంజ్ చెక్‌లో దొరికిపోతుందిలెండి, కాకపోతే మంచి డేటాని రిజెక్ట్ చేసినట్టు.

– మార్చిన విలువ కొత్త కాలమ్‌లో రాయండి, పాతది ముట్టుకోవద్దు. పాతదాని మీదే రాస్తే, స్క్రిప్ట్ పొరపాటున రెండోసారి రన్ అయినప్పుడు మార్చినదాన్నే మళ్ళీ మారుస్తుంది.