బడికి ముందు డైపర్ మాన్పిస్తున్నారా? ముందు మలం మెత్తబడనివ్వండి

జూన్‌లో ప్లేస్కూల్లో చేర్చాలి, డైపర్‌తో పంపవద్దన్నారు, కాబట్టి మే నెలలో మాన్పించేద్దాం. రెండున్నరేళ్లు, మూడేళ్ల పిల్లలున్న చాలా ఇళ్లలో వేసవి ప్రణాళిక ఇలాగే ఉంటుంది. ఎండకు చెమట పోసి ఒంట్లో నీరు తగ్గే నెల అదే. పెళ్లిళ్లకూ ఊళ్లకూ తిరిగే నెల కూడా అదే. పసిపిల్లలను మలబద్ధకం ఎక్కువగా పట్టుకునే సందర్భాలు మూడు: ఘనాహారం మొదలుపెట్టినప్పుడు, డైపర్ మాన్పించేటప్పుడు, బడికి వెళ్లడం మొదలైనప్పుడు. చివరి రెంటినీ మనం ఒకే వేసవిలో ఇరికిస్తున్నాం. అలా చేయక తప్పదంటే పని ఏప్రిల్లోనే మొదలవ్వాలి. అదీ పాటీ సీటు కొనడంతో కాదు, పిల్లవాడి మలం ఎలా ఉందో చూడడంతో. రెండు మూడు వారాలపాటు మెత్తగా, నొప్పి లేకుండా విరేచనం అవుతుంటేనే డైపర్ మాన్పించే మాట ఎత్తాలి.

ఎందుకంటే ఈ వయసులో మలబద్ధకం చాలావరకు పేగు జబ్బు వల్ల రాదు, భయం వల్ల వస్తుంది. ఒకరోజు మలం గట్టిగా వస్తుంది. మలద్వారం దగ్గర చర్మం చిన్నగా చిట్లి మంట పుడుతుంది. మళ్లీ వెళ్తే మళ్లీ మంటే అని పిల్లకు అర్థమవుతుంది. అందుకే తర్వాతిసారి మలం వస్తున్నట్టు అనిపించినప్పుడు బిగబడుతుంది. లోపలే ఆగిన మలంలోని నీటిని పెద్దపేగు పీల్చేస్తూ ఉంటుంది కాబట్టి అది ఇంకా గట్టిపడుతుంది, ఇంకా లావవుతుంది. మరుసటిసారి నొప్పి రెట్టింపవుతుంది. ఇలా వారాలు గడిస్తే పేగు చివరి భాగం సాగిపోయి, నిండినా నిండినట్టు తెలియదు. అంతవరకు వచ్చాక పాటీ మీద ఎంతసేపు కూర్చోబెట్టినా ఫలితం ఉండదు.

బిగబట్టడాన్ని పెద్దవాళ్లు గుర్తుపట్టలేకపోవడమే అసలు చిక్కు. పిల్ల సోఫా వెనకకో, కర్టెన్ చాటుకో వెళ్తుంది. మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు కత్తెరలా వేసి, పిరుదులు బిగించి, బల్ల అంచు పట్టుకుని కళ్లు పెద్దవి చేస్తుంది. ముఖం ఎర్రబడుతుంది. "పాపం, ఎంత ముక్కుతోందో" అంటారు ఇంట్లో. నిజానికి ఆ పిల్ల ముక్కడం లేదు, రానివ్వకుండా ఆపుతోంది. బయటకు పంపాలనుకునే పిల్ల సాధారణంగా మోకాళ్లు వంచి కిందికి కూర్చుంటుంది, ఆపాలనుకునే పిల్ల నిటారుగా బిగుసుకుంటుంది. ఇంకో మోసం కూడా ఉంది. గట్టి మలం లోపల అడ్డుపడి ఉండగా దాని పక్కనుంచి పలుచటి మలం కారి బట్టలకు అంటుతుంది. విరేచనాలు పట్టుకున్నాయనుకుని పెరుగన్నం, అరటిపండు పెట్టి, విరేచనాలు కట్టే మందు వేస్తే పరిస్థితి ముదురుతుంది. చాలా రోజులుగా సరిగా వెళ్లని పిల్లకు హఠాత్తుగా బట్టల్లో మరకలు కనిపిస్తే ముందు ఈ సంగతే అనుమానించాలి.

ఏప్రిల్లో చేయాల్సిన పని

రెండున్నరేళ్ల ఒక పాపను ఉదాహరణగా తీసుకుందాం. మూడు రోజులకోసారి లావుగా, గట్టిగా వెళ్తుంది, ఏడుస్తుంది. పొద్దున లేవగానే, పదకొండింటికి, సాయంత్రం, పడుకునే ముందు సీసాతో పాలు తాగుతుంది. ఒక్కోసారి 200 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 800. మధ్యలో బిస్కెట్లు. అన్నంలో పెరుగో, నెయ్యి ఉప్పో తప్ప ఇంకేదీ ముట్టదు. "ఏమీ తినదండీ, పాల మీదే బతుకుతోంది" అంటుంది వాళ్లమ్మ. ఆ మాటలోనే కారణం ఉంది. పాలలో పీచు బొత్తిగా లేదు, పైగా కడుపు నిండి ఆకలి చచ్చిపోతుంది. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు చాలు.

ఒక్కసారిగా మాన్పిస్తే ఇల్లు పీకి పందిరి వేస్తుంది కాబట్టి మెల్లగా తగ్గించాలి. ముందు పదకొండింటి సీసా తీసేయండి. అది భోజనానికి ముందు ఆకలిని చంపేది. పడుకునే ముందు తాగే పాలను రెండు మూడు రోజులకోసారి యాభై మిల్లీలీటర్ల చొప్పున తగ్గించండి. మిగిలిన పాలను సీసాలో కాకుండా గ్లాసులో పోస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది, గ్లాసుతో ఎవరూ మైమరిచి తాగరు.

ఖాళీ అయిన పొట్టలోకి పీచు వెళ్లాలి. పిల్ల వయసుకు అయిదు కలిపితే రోజుకు కావలసిన పీచు గ్రాముల్లో సుమారుగా వస్తుంది, ఈ పాపకు ఏడెనిమిది గ్రాములు. దీనికి పొడులూ డబ్బాలూ అక్కర్లేదు. మధ్యాహ్నం అన్నంలో చారునీళ్లు కాకుండా ముద్దపప్పు, అందులోనే మెత్తగా ఉడికిన తోటకూర. సాయంత్రం బిస్కెట్ల బదులు బొప్పాయి ముక్కలో, గింజలు తీసిన మెత్తటి జామపండో, తొనల మీది పొరతో సహా కమలాపండో. రాత్రి నానబెట్టిన నాలుగైదు కిస్మిస్‌లను పొద్దున మెదిపి పెట్టవచ్చు, పియర్ పండు దొరికితే అదీ మంచిదే. వీటిలోని ఒక రకం చక్కెర పేగులోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది. ఈ వయసులో కిస్మిస్, ద్రాక్ష గుండ్రంగా అలాగే ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. అరటిపండు మీద చాలామందికి అనుమానం. బాగా మగ్గినదైతే పరవాలేదు, పచ్చిగా ఉన్నదే గట్టిపరుస్తుంది.

పీచు పెంచి నీళ్లు పెంచకపోతే మలం ఇంకా బిగుస్తుంది. పిల్లలు అడిగి తాగరు, ఆటలో మరిచిపోతారు. చేతికందే ఎత్తులో చిన్న గ్లాసు పెట్టి, ఆట నుంచి వచ్చినప్పుడల్లా నాలుగు గుక్కలు తాగించండి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. ముదురు రంగులో, ఘాటు వాసనతో ఉంటే చాలడం లేదు.

ఇంట్లో ఆరు నెలల పసివాడు కూడా ఉంటే అతని లెక్క వేరు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ కొన్ని రోజులకోసారి వెళ్లినా, మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. ఘనాహారం మొదలయ్యాక మలం కాస్త చిక్కబడడం సహజం. అది గుండ్లుగా మారితేనే పట్టించుకోవాలి. ఒక్క బియ్యపు ఉగ్గుతోనే నెట్టుకురాకుండా పెసరపప్పు, మెత్తటి కూరగాయలు, బొప్పాయి గుజ్జు చేర్చండి. తినేటప్పుడు రెండు మూడు చెంచాల కాచి చల్లార్చిన నీళ్లు పట్టండి. ఏడాది నిండేవరకు తేనె వద్దు, తల్లిపాలకు బదులుగా ఆవుపాలు, గేదెపాలు వద్దు.

మే నెలలో కూర్చోబెట్టడం

పొట్టలో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది. అందుకే పొద్దున టిఫిన్, రాత్రి భోజనం అయిన ఇరవై, ముప్పై నిమిషాలకు కూర్చోబెట్టాలి. మూడు నుంచి అయిదు నిమిషాలు, అంతకు మించి వద్దు. చేతికి ఫోను ఇస్తే గంటసేపు కూర్చుంటుంది కానీ కూర్చున్న పని మరిచిపోతుంది.

భంగిమ ముఖ్యం. పసిబిడ్డను అమ్మ కాళ్లు చాపి తన పాదాల మధ్య కూర్చోబెట్టుకునే పాత పద్ధతిలో మోకాళ్లు నడుముకన్నా పైకి లేస్తాయి, పేగు చివరి వంపు తిన్నగా అవుతుంది. నేల మీద పెట్టే చిన్న పాటీతోనూ అదే జరుగుతుంది. కమోడ్ మీద పిల్లల సీటు వేసి వదిలేస్తే కాళ్లు గాలిలో వేలాడుతాయి, పడిపోతానేమోనన్న భయంతో ఒళ్లంతా బిగుసుకుంటుంది. పాదాల కింద వంటింటి పీట వేస్తే చాలు. ఫ్లష్ మోతకు, చల్లటి నీటి ధారకు జడిసే పిల్లలూ ఉంటారు. పిల్ల బయటకు వచ్చాకే ఫ్లష్ చేయండి, గోరువెచ్చటి నీళ్లతో కడగండి.

మెచ్చుకోవాల్సింది కూర్చున్నందుకు, వచ్చినందుకు కాదు. రాకపోతే లేపేయండి. "ఛీ, కంపు" అనడం, పక్కింటి పిల్లతో పోల్చడం ఇంట్లో అందరూ మానుకోవాలి, తాతయ్యతో సహా.

మూత్రానికి చక్కగా పాటీ మీద కూర్చుని, మలానికి మాత్రం డైపర్ కావాలని పట్టుబట్టే పిల్లలు చాలామంది. ఇచ్చేయండి. ఇవ్వకపోతే ఆపుకుంటుంది, ఆపుకుంటే మొదటికొస్తుంది. కొన్నాళ్లకు డైపర్ వేసుకునే బాత్‌రూములో వెళ్లేలా, తర్వాత డైపర్‌తోనే పాటీ మీద కూర్చునేలా మెల్లగా జరపండి. ప్రయాణంలోనో పెళ్లింట్లోనో బిగబట్టడం మళ్లీ కనిపిస్తే శిక్షణ ఆపి, నెలా రెండు నెలలు డైపర్‌కు వెళ్లిపోవడమే మంచిది. బడివాళ్లతో మాట్లాడి గడువు అడగడం, సాగిపోయిన పేగును బాగుచేసుకోవడంకన్నా తేలిక. జూన్‌లో బడిలో వెళ్లకుండా ఆపుకున్నా, ఇంటికి రాగానే ఏదైనా తినిపించి కాసేపయ్యాక కూర్చోబెట్టే అలవాటు కొనసాగించండి.

చేయకూడనివి, చూపించాల్సినవి

తమలపాకు కాడను ఆముదంలో ముంచి పెట్టడం, సబ్బుముక్క పెట్టడం ఇప్పటికీ చూస్తున్నాం. అప్పటికప్పుడు పని జరిగినట్టే ఉంటుంది. కానీ పిల్ల భయమంతా ఉన్నది అక్కడే. అక్కడే గుచ్చితే భయం బలపడుతుంది, పగులు పెరుగుతుంది, సబ్బుకు లోపలి పొర మండుతుంది. ఆముదం తాగించడమూ వద్దు, కడుపు మెలిపెడుతుంది.

రెండు వారాలు ఆహారం మార్చినా మలం గట్టిగానే ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. లాక్ట్యులోజ్ గానీ పాలీఎథిలీన్ గ్లైకాల్ గానీ రాస్తారు. ఇవి పేగును రెచ్చగొట్టవు, మలంలో నీటిని నిలిపి మెత్తబరుస్తాయి. "మందుకు అలవాటు పడిపోతుంది" అనే భయంతో నాలుగు రోజులు బాగుండగానే ఆపేస్తారు చాలామంది, వారం తిరగకుండా మళ్లీ మొదలు. సాగిన పేగు మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది, అందుకే మందును డాక్టరు చెప్పినప్పుడు, చెప్పినంత చొప్పున తగ్గించాలి.

మలం మీద గీతలా ఎర్రటి రక్తం ఒకసారి కనిపిస్తే చాలావరకు పగులు వల్లే, అయినా చూపించండి. పసుపుపచ్చ లేక ఆకుపచ్చ వాంతులు, పొట్ట ఉబ్బి గట్టిపడడం, రక్తం ఎక్కువగా పడడం, జ్వరంతో నీరసించడం, కాళ్లలో బలహీనత కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పుట్టిన 48 గంటల్లోపు మొదటి నల్లటి మలం పోకపోయినా, పుట్టిన నెలలోపే మలబద్ధకం మొదలైనా, బరువు పెరగకపోయినా, నడుము కింద వెన్ను మీద గుంటగానీ వెంట్రుకల కుచ్చుగానీ ఉన్నా ఆ సంగతి డాక్టరుకు మీరే గుర్తుచేసి చెప్పండి, అడిగేదాకా ఆగకండి.