తుపాను హెచ్చరిక రాగానే సర్దుకోవాల్సిన సంచి

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే గాలి మొదలవకముందే, కరెంటు ఉండగానే ఈ పనులు పూర్తి చేయండి.

- పవర్ బ్యాంకు ముందుగా ఛార్జింగ్‌లో పెట్టండి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా మార్పిడిలో కొంత పోతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోను ఒక్కసారి నిండి, ఇంకాస్త మిగులుతుందంతే. ఇంట్లో ఒక్క ఫోనే ఆన్‌లో ఉంచండి, మిగతావి ఆపేయండి.

- మందులు కనీసం వారానికి సరిపడా, చీటీతో సహా. షీటు కత్తిరిస్తే పేరు, గడువు తేదీ పోతాయి, అలాగే పెట్టండి. ఇన్సులిన్ వాడేవారుంటే తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో సీసాను కవరులో పెట్టి ఉంచండి. ఐసుకు తగలనివ్వొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ పనికిరాదు.

- ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పత్రాలు జిప్ కవరులో, దాన్ని మరో కవరులో. ఫొటోలు తీసి ఊళ్లో లేని బంధువుకు పంపండి.

- టార్చి బ్యాటరీలు విడిగా ఉంచండి, లోపలే ఉంటే కారి పాడుచేస్తాయి.

- కొంత చిల్లర. ఏటీఎంలు, యూపీఐ పనిచేయకపోవచ్చు.