ట్యూషన్ సెంటర్ పాంప్లెట్: పంచినా ఫోన్లు రాకపోతే

సమస్య: పేపర్లో పెట్టి ఏరియా అంతా పంచారు, ఫోన్లు మాత్రం లేవు.

కారణం ఎక్కువసార్లు పై భాగంలోనే ఉంటుంది. దేవుడి బొమ్మ, "శుభారంభం", దాని కింద సగం పేజీ సెంటర్ పేరు. కొత్త సెంటర్ కదా, ఆ పేరు ఎవరికి తెలుసు? పొద్దున్నే టీ తాగుతూ పేపర్ తీసిన అమ్మకో నాన్నకో తెలియాల్సింది ఒక్కటే, ఇది మా పిల్లాడి క్లాసుకేనా కాదా అని.

పరిష్కారం: హెడ్డింగ్‌గా "6 నుంచి 10వ తరగతి / మ్యాథ్స్, సైన్స్ ట్యూషన్" అని రెండు లైన్లు పెట్టండి. A5 సైజు పేజీలో అక్షరాల సైజు 36 పాయింట్లు ఇస్తే చాలు. దాని కింద 20 పాయింట్లలో మీడియం, టైమింగ్స్. సెంటర్ పేరు ఆ తర్వాతే. దేవుడి బొమ్మ ఉండాల్సిందే అంటే మూలన చిన్నది పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సమస్య: ఫోన్లు వస్తున్నాయి, కానీ అందరూ "ఎక్కడండీ?" అనే అడుగుతున్నారు.

అడ్రస్ ఉంది, కాకపోతే డోర్ నంబర్‌తో మొదలైంది. డోర్ నంబర్ చూసి ఇల్లు వెతికేది పోస్ట్‌మ్యాన్ మాత్రమే. "రామాలయం ఎదురు సందు, మెడికల్ షాపు పైన" అని 16 పాయింట్లలో బోల్డ్‌గా రాసి, డోర్ నంబర్‌ని దాని కింద చిన్నగా వదిలేయండి. "ఏ క్లాసులకి?" అనే ప్రశ్న పదేపదే వస్తుంటే హెడ్డింగ్ పని చేయట్లేదని అర్థం, మళ్లీ పైకి వెళ్లండి.

సమస్య: అన్నీ ఉన్నాయి, కానీ కన్ను ఎక్కడా ఆగట్లేదు.

ప్రతి లైనూ బోల్డ్, ప్రతి లైనుకీ ఎరుపు, పైగా "ఫ్రీ డెమో"కి ఒక స్టార్. ప్రూఫ్‌ని నలుపు తెలుపులో జిరాక్స్ తీసి చేయి చాచి చూడండి. ముందు హెడ్డింగ్, తర్వాత ఫోన్ నంబర్ కనపడకపోతే రంగులే హడావిడి చేస్తున్నాయి, సైజుల్లో తేడా లేదన్నమాట. పేజీకి నాలుగైదు సైజులు చాలు, డెమో క్లాసుకి ఒక్క లైను చాలు. ఇంకోటి, డీటీపీ వాళ్లు అలవాటుగా తెలుగు అక్షరాలకి మందంగా అవుట్‌లైన్ వేస్తారు, దాంతో గుడులూ సున్నాలూ పూడుకుపోతాయి. తీసేయమనండి. లైన్ల మధ్య జాగా కూడా ఇంగ్లిష్‌కి ఇచ్చినంత ఇస్తే పై లైను ఒత్తులు కింది లైను తలకట్ల మీద పడతాయి, కాస్త పెంచండి.

సమస్య: నంబర్ దొరకట్లేదు, లేదా రాంగ్ నంబర్ అంటున్నారు.

మూడు నంబర్లు వద్దు, వాట్సాప్ ఉన్నది ఒక్కటి చాలు. కింద ముదురు రంగు పట్టీ మీద తెల్లగా, 28 పాయింట్లలో, ఐదు అంకెల తర్వాత ఖాళీ ఇచ్చి వేయించండి. ఆ అంకెలు పేజీ అంచుకి కనీసం 5 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి, కటింగ్‌లో బ్లేడు కాస్త జరిగితే చివరి అంకె ఎగిరిపోతుంది. ఓకే చెప్పే ముందు ప్రూఫ్‌లో ఉన్న నంబర్ చూసే డయల్ చేయండి, గుర్తున్న నంబర్ కాదు.