స్పర్శబిందువు నుంచి సరిచూడండి

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తుంటాను. 30° వాలు మీద జారకుండా దొర్లే ఘన స్తూపం లెక్కలో చాలామందికి త్వరణం 9.8 వస్తుంది. నున్నటి వాలు మీద జారే వస్తువుకే 4.9 కదా, దొర్లేదానికి అంతకన్నా తక్కువే రావాలి. అంటే ఘర్షణ టార్క్ గుర్తు తారుమారైంది.

అందుకే నేల తాకే బిందువు చుట్టూ ఇంకోసారి చేయండి. అక్కడ ఘర్షణకు టార్కే ఉండదు, గుర్తు గొడవా ఉండదు:

mgR sinθ = (3/2)mR²α

a = Rα = 3.27 m/s². ఇక్కడ మాత్రం జాగ్రత్త: కేంద్రం చుట్టూ ఉండే ½mR² వేస్తే మళ్ళీ అదే 9.8 వచ్చి, తప్పే ఒప్పనిపిస్తుంది.

చివరగా ఘర్షణ గుణకం చూడండి. tanθ/3, అంటే దాదాపు 0.19 కన్నా తక్కువైతే స్తూపం జారుతుంది, a = Rα చెల్లదు.