కాళ్ల నుంచి పైకి పాకే బలహీనత – మూడో పాఠం: మంచం పక్కన ఊపిరి లెక్క

గత రెండు పాఠాల్లో, శరీరం తన నరాల మీదే దాడి చేసే గులియన్ బారే సిండ్రోమ్‌ను, అంటే జీబీఎస్‌ను, గుర్తుపట్టడం చూశాం. నీళ్ల విరేచనాలో వైరల్ జ్వరమో తగ్గిన ఒకటి నుంచి మూడు వారాలకు పాదాల్లో తిమ్మిర్లు మొదలవుతాయి. మెట్లెక్కలేకపోవడం, కింద కూర్చుంటే లేవలేకపోవడం, రోజులు గడిచేకొద్దీ బలహీనత చేతుల దాకా రావడం, మోకాలి మీద సుత్తితో తట్టినా కాలు ఎగరకపోవడం దాని ఆనవాళ్లు. రక్తంలో పొటాషియం తగ్గినా ఇలాగే కాళ్లు పడిపోతాయి కాబట్టి మొదటి గంటలోనే ఆ పరీక్ష చేయించాలనీ, కట్లపాము కాటులో మాత్రం కనురెప్పలు ముందు వాలతాయనీ చెప్పుకున్నాం. ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే పని: ఊపిరి కండరాలు ఎంత అలసిపోయాయో మంచం పక్కన నిలబడి కొలవడం. డ్యూటీ నర్సులకు, హౌస్ సర్జన్లకు ఇది రోజూ పనికొస్తుంది. పేషెంట్ పక్కన కూర్చున్న ఇంటివాళ్లూ చేయగలరు.

ముందు కారణం. 2025 జనవరిలో పుణెలో సింహగఢ్ రోడ్డు చుట్టుపక్కల ఒక్కసారిగా జీబీఎస్ కేసులు పెరిగినప్పుడు, కొందరు పేషెంట్ల మలంలో కాంపిలోబ్యాక్టర్ జెజునై అనే బ్యాక్టీరియా దొరికింది. కలుషితమైన నీళ్లతో, సరిగా ఉడకని కోడిమాంసంతో అది కడుపులోకి చేరుతుంది. దాని పైపొరలో ఉండే కొన్ని చక్కెర గొలుసులు మన నరాల మీద ఉండే జీఎం1 అనే పదార్థాన్ని అచ్చంగా పోలి ఉంటాయి. బ్యాక్టీరియాను చంపడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు విరేచనాలు తగ్గాక కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. అదే ఆకారం నరం మీద కనిపిస్తే అక్కడా అతుక్కుని దాడి మొదలుపెడతాయి. తిమ్మిర్లు వచ్చేసరికి విరేచనాల సంగతి పేషెంట్ మర్చిపోయి ఉంటారు. అందుకే మనమే అడగాలి: "ఈ నెల రోజుల్లో కడుపు చెడిందా? జ్వరం, జలుబు వచ్చాయా?" కాంపిలోబ్యాక్టర్ సోకినవాళ్లలో సుమారు వెయ్యిమందిలో ఒకరికే ఇలా అవుతుంది.

ఇదే దాడి ఊపిరి పీల్చే ప్రధాన కండరమైన డయాఫ్రమ్‌ను నడిపే నరం దాకా వస్తే ఊపిరి తగ్గుతుంది. ఆసుపత్రిలో చేరిన జీబీఎస్ పేషెంట్లలో నలుగురైదుగురిలో ఒకరికైనా వెంటిలేటర్ అవసరమవుతుంది. అది ఎవరికో ముందే పసిగట్టాలి.

ఇక్కడ చాలామంది పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్ముకుని మోసపోతారు. జీబీఎస్‌లో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. గాలిని లోపలికి లాగే కండరాలే ఓడిపోతాయి. అందుకే ఆక్సిజన్ 98 చూపిస్తూనే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూ ఉంటుంది. ఆక్సీమీటర్ అంకె పడిపోయేనాటికి చేతిలో నిమిషాలే మిగులుతాయి. ఆక్సిజన్ మాస్క్ పెట్టి ఉంటే ఆ అంకె ఇంకా ఆలస్యంగా పడుతుంది.

కాబట్టి లెక్క ఇలా చేయండి. పేషెంట్‌ను వీలైనంత నిటారుగా కూర్చోబెట్టండి. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, మధ్యలో మళ్లీ పీల్చకుండా, సెకనుకు రెండు అంకెల చొప్పున పైకి లెక్కపెట్టమనండి. ముందు మీరే చేసి చూపించండి. తెలుగులో చేయించేటప్పుడు ఒక చిక్కుంది. "ఇరవై ఏడు" అనడానికి "ఏడు" కన్నా ఎక్కువ సమయం, ఎక్కువ ఊపిరి పడతాయి. అందుకే పేషెంట్ ఒకటి నుంచి పది వరకు చెప్పి మళ్లీ ఒకటి దగ్గరికి రావాలి. ఎన్ని పదులయ్యాయో మీరు వేళ్ల మీద పట్టుకోవాలి. ప్రతిసారీ అదే వేగం, అదే భాష, అదే భంగిమ ఉండాలి. రెండుసార్లు చేయించి ఎక్కువ వచ్చిన అంకెను టైంతో సహా కేస్ షీట్‌లో రాయండి. ఆరోగ్యవంతులు మామూలుగా నలభై దాటతారు. ఇరవైకి దిగితే ప్రమాదమే. అయితే ఒక్క అంకె కన్నా, పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య వచ్చిన తేడాయే ఎక్కువ విషయం చెబుతుంది.

లెక్క అయ్యాక దిండు మీంచి తల ఎత్తమనండి. మెడను ముందుకు వంచే కండరాలకూ డయాఫ్రమ్‌కూ నరాలు మెడలో దాదాపు ఒకే చోటి నుంచి వస్తాయి. తల ఎత్తలేకపోతున్నారంటే ఊపిరి కూడా తగ్గుతోందనే అనుమానించాలి. ఒకసారి దగ్గించి చూడండి. నీళ్లు తాగేటప్పుడు పొలమారుతోందా అని అడగండి.

స్పైరోమీటర్ ఉంటే ఎఫ్‌వీసీ కొలవండి. ఒక నిండు శ్వాసను బలంగా వదిలితే మొత్తం ఎంత గాలి వచ్చిందో అది చెబుతుంది. కిలో బరువుకు 20 మిల్లీలీటర్ల కంటే తగ్గినా, ఒక్క రోజులో మూడో వంతు పడిపోయినా ఐసీయూ డాక్టర్‌ను అప్పటికప్పుడు పిలవాలి. ముఖం కండరాలు బలహీనపడినవాళ్లకు పెదాలు మూసుకోక గాలి పక్కనుంచి పోతుంది, అంకె తప్పుగా తక్కువ వస్తుంది. అలాంటప్పుడు మాస్క్‌తో కొలవాలి.

ఇప్పుడు పాఠం కోసం నేను అల్లిన ఒక కేసు. ముప్పై నాలుగేళ్ల టైలర్, బరువు 60 కిలోలు. పది రోజుల క్రితం విరేచనాలు. మూడు రోజులుగా కుట్టుమిషన్ తొక్కలేకపోతున్నాడు. ఉదయం 9కి చేర్చుకున్నప్పుడు లెక్క 36, ఎఫ్‌వీసీ 2.4 లీటర్లు. మధ్యాహ్నం 3కి లెక్క 27, ఎఫ్‌వీసీ 1.8. ఆక్సిజన్ 98. రాత్రి 9కి నర్సు వచ్చి, "అన్నా, గట్టిగా పీల్చి లెక్కపెట్టు" అంది. ఒక పది పూర్తయి రెండోసారి ఏడు దగ్గర ఆగిపోయాడు. "ఇంతేనమ్మా, గాలి చాలట్లేదు" అన్నాడు. ఆ మాట కూడా రెండు ముక్కలుగా వచ్చింది. తల దిండు మీంచి లేవలేదు. ఎఫ్‌వీసీ 1.1. ఆక్సిజన్ ఇంకా 97.

లెక్క వేద్దాం. 60 కిలోలకు 20 చొప్పున 1,200 మిల్లీలీటర్లు. అతను ఆ గీత దాటి కిందికి వచ్చేశాడు, పన్నెండు గంటల్లో సగానికి పైగా పోగొట్టుకున్నాడు. ఇక తెల్లారేదాకా ఆగకూడదు. నిదానంగా, అన్నీ సిద్ధం చేసుకుని గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడం ఇప్పుడే సాధ్యం. గొట్టం వేసేటప్పుడు కండరాలను సడలించే మందుగా సక్సినైల్ కోలిన్ వాడకూడదు. నరం దెబ్బతిన్న కండరం ఆ మందుకు ఒక్కసారిగా పొటాషియం వదిలితే గుండె ఆగిపోవచ్చు.

చికిత్స సంగతి. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఐవీఐజీ, కిలోకు రోజుకు 0.4 గ్రాములు, ఐదు రోజులు. ఇతనికి రోజుకు 24 గ్రాములు, మొత్తం 120. రక్తంలోని ప్లాస్మాను తీసేసి మార్చే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ కూడా అంతే బాగా పనిచేస్తుంది. స్టెరాయిడ్లతో లాభం లేదు. వెన్నునీటి పరీక్షలో మొదటి వారం ప్రొటీన్ మామూలుగానే ఉండొచ్చు, ఆ రిపోర్టు కోసం మందు ఆపకూడదు. ఐవీఐజీ దాడిని అదుపు చేస్తుందే గానీ దెబ్బతిన్న నరాన్ని ఆ పూటే బాగుచేయదు. రెండో సీసా ఎక్కుతున్నప్పుడు కూడా బలహీనత పెరగొచ్చు. "మందు మొదలైంది కదా" అని టెన్షన్ తగ్గించుకుని ఊపిరి లెక్క మానేసిన రాత్రే ప్రమాదం జరుగుతుంది. బలహీనత పెరుగుతున్నన్నాళ్లూ రెండు నుంచి నాలుగు గంటలకోసారి, నిద్ర లేపైనా సరే, లెక్క చేయించాలి.

సాధన: ఈ వారం ఇంట్లో ముగ్గురి చేత, కూర్చోబెట్టి ఒకసారి, వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి లెక్క చేయించి అంకెలు రాసుకోండి. తర్వాత ఈ ప్రశ్నకు జవాబు రాయండి. 50 కిలోల మహిళ, ఎఫ్‌వీసీ ఉదయం 1.9 లీటర్లు, సాయంత్రం 1.2, ఆక్సిజన్ 99. కిలోకు 20 గీత ఆమె ఇంకా దాటలేదు. డాక్టర్‌ను ఇప్పుడే పిలుస్తారా, ఉదయం రౌండ్స్ దాకా చూస్తారా? ఏ అంకె చూసి?

నాలుగో పాఠంలో ఇదే టైలర్ బీపీ ఐసీయూలో ఒక గంట 190కి ఎక్కి మరో గంట 80కి దిగినప్పుడు ఏం చేయాలో, గొంతులో సక్షన్ చేస్తుంటే నాడి ఎందుకు పడిపోతుందో చూద్దాం.