క్రామర్ పద్ధతితో సమీకరణాలు సాధించడం ఎలా? పెద్ద లెక్కలకు అది ఎందుకు పనికిరాదు?

ఎన్ని తెలియని రాశులున్నాయో అన్నే రేఖీయ సమీకరణాలు ఉన్నప్పుడు, ప్రతి రాశి విలువనూ రెండు నిర్ధారకాల నిష్పత్తిగా రాయొచ్చు. జెనీవాకు చెందిన గాబ్రియేల్ క్రామర్ బీజీయ వక్రాల మీద 1750లో వేసిన పుస్తకంలో ఈ సూత్రాన్ని ఇచ్చాడు. ఇచ్చిన ఐదు బిందువుల గుండా పోయే శాంకవాన్ని కనుక్కోవాలంటే ఐదు సమీకరణాలు సాధించాలి. ఆ అవసరమే అతన్ని ఇటు నడిపింది. మన ఇంటర్ లెక్కల్లో మాత్రికల పాఠంలో వచ్చే క్రామర్ పద్ధతి ఇదే.

ఒక లెక్కతో మొదలుపెడదాం. కిరాణా కొట్టు బిల్లులు మూడున్నాయి. ఎన్ని కిలోలు కొన్నారో, మొత్తం ఎంతయిందో ఉంది కానీ కిలో ధరలు లేవు. బియ్యం ధర x, కందిపప్పు ధర y, చక్కెర ధర z అనుకుంటే:

```
2x +  y +  z = 265
 x + 2y + 3z = 425
3x +  y + 2z = 360
```

మొదటి మెట్టు: గుణకాల నిర్ధారకం Δ. మూడు సమీకరణాల్లోనూ x, y, z ఒకే క్రమంలో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. ఏదైనా రాశి ఒక సమీకరణంలో లేకపోతే దాని చోట 0 రాయాలి. ఇప్పుడు మొదటి అడ్డువరుస వెంట +, −, + గుర్తులతో విస్తరిస్తే:

```
Δ = 2(2·2 − 3·1) − 1(1·2 − 3·3) + 1(1·1 − 2·3)
  = 2 + 7 − 5 = 4
```

Δ సున్నా కాలేదు కాబట్టి జవాబు ఉంది, ఒక్కటే ఉంది.

రెండో మెట్టు: నిలువు వరుసలు మార్చడం. x కావాలంటే x గుణకాల నిలువు వరుస తీసేసి, ఆ చోట కుడివైపున్న 265, 425, 360 పెట్టాలి. మిగతా రెండు వరుసలను కదపకూడదు.

```
Δ₁ = 265(2·2 − 3·1) − 1(425·2 − 3·360) + 1(425·1 − 2·360)
   = 265 + 230 − 295 = 200
```

y కోసం మళ్లీ అసలు మాత్రికకే వచ్చి రెండో నిలువు వరుస మార్చాలి, z కోసం మూడోది. అంతకుముందు మార్చిన మాత్రికలోనే ఇంకో వరుస మార్చేయడం ఇక్కడ తరచుగా దొర్లే తప్పు. సరిగ్గా చేస్తే Δ₂ = 480, Δ₃ = 180 వస్తాయి.

మూడో మెట్టు: భాగించడం. x = 200/4 = 50, y = 480/4 = 120, z = 180/4 = 45. అంటే బియ్యం కిలో 50 రూపాయలు, కందిపప్పు 120, చక్కెర 45. వీటిని మూడు సమీకరణాల్లోనూ పెట్టి చూడండి. ఒకదాంట్లో సరిపోయిందని వదిలేయకూడదు. మధ్య పదానికి మైనస్ గుర్తు మరిచిపోయి ఉంటే ఈ సరిచూపులోనే బయటపడుతుంది.

Δ = 0 వస్తే భాగించలేం. మూడో బిల్లులో 3 కిలోల బియ్యం, 3 కిలోల పప్పు, 4 కిలోల చక్కెర ఉన్నాయనుకోండి. అది మొదటి రెండు బిల్లుల కూడిక మాత్రమే, అందుకే Δ సున్నా అవుతుంది. మొత్తం 690 అయితే కొత్త సమాచారమేమీ లేనట్టు, జవాబులు అనంతం. 700 అయితే బిల్లుల్లోనే పొసగదు, జవాబే లేదు. Δతో పాటు Δ₁, Δ₂, Δ₃ కూడా సున్నా అయితే అనంత సాధనలు ఉంటాయని చాలామంది కంఠస్థం చేస్తారు. మూడు రాశుల లెక్కలో ఇది నిజం కాదు. x + y + z విలువ ఒక సమీకరణంలో 1, మరోదాంట్లో 2, ఇంకోదాంట్లో 3 అని ఉంటే నాలుగు నిర్ధారకాలూ సున్నాయే, కానీ సాధన లేదు. అందుకే Δ = 0 రాగానే ఈ పద్ధతి ఆపేసి, వరుసలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసే గాస్ తొలగింపుకు మారడం మంచిది.

ఇక పెద్ద లెక్కల సంగతి. పైన చేసినట్టు విస్తరిస్తే 3×3 నిర్ధారకానికి 9 గుణకారాలు పడతాయి. 4×4 లో అలాంటి చిన్న నిర్ధారకాలు నాలుగు ఉంటాయి కాబట్టి 40 అవుతాయి, 5×5 కి 205. పరిమాణం ఒకటి పెరిగినప్పుడల్లా పని దాదాపు ఆ కొత్త పరిమాణమంత రెట్లు పెరుగుతుంది. పది రాశులకు పదకొండు నిర్ధారకాలు కావాలి, మొత్తం దాదాపు 6 కోట్ల 86 లక్షల గుణకారాలు. అదే లెక్క గాస్ తొలగింపుతో 430 గుణకార, భాగహారాల్లో అయిపోతుంది. ఇరవై రాశులకు, సెకనుకు వంద కోట్ల గుణకారాలు చేసే యంత్రం కూడా క్రామర్ పద్ధతిలో దాదాపు 2,800 ఏళ్లు తీసుకుంటుంది. తొలగింపుకు 3,060 లెక్కలు చాలు.

నిర్ధారకాన్ని విస్తరించకుండా తొలగింపుతోనే కనుక్కోవచ్చు కదా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే ఇది. మన బిల్లుల మీదే చేసి చూద్దాం. మొదటి వరుసలో సగాన్ని రెండో వరుస నుంచి, ఒకటిన్నర రెట్లను మూడో వరుస నుంచి తీసేసి, తర్వాత రెండో వరుసలో మూడో వంతును మూడో వరుసకు కలిపితే ఇలా మిగులుతుంది:

```
2    1     1   | 265
0   3/2   5/2  | 292.5
0    0    4/3  | 60
```

కర్ణం మీది సంఖ్యల లబ్ధం 2 × 3/2 × 4/3 = 4, అదే Δ. కానీ చివరి వరుస చూడండి: z = 60 ÷ 4/3 = 45 అని అప్పటికే చెబుతోంది. పై వరుసలోకి వెళితే y, ఇంకో వరుస పైకెళితే x. అంటే Δ ఒక్కటి దొరికేసరికి జవాబు మొత్తం చేతికొచ్చేసింది. మిగతా నిర్ధారకాల కోసం ఇదే పనిని మళ్లీ మళ్లీ చేయడం అనవసరం. వెయ్యి రాశులుంటే ఒక్కసారి చేయాల్సిన తొలగింపును 1,001 సార్లు చేసినట్టు. అదే యంత్రం మీద సెకనులో మూడో వంతులో అయ్యే పని ఐదు నిమిషాలు దాటుతుంది.

కాలం ఉన్నా సరే, మరో చిక్కుంది. కర్ణం మీద అన్నీ 0.1, మిగతా చోట్ల అన్నీ 0 ఉన్న 400×400 మాత్రిక తీసుకోండి. కుడివైపు అన్నీ 1 అయితే ప్రతి రాశీ 10 అని చూడగానే చెప్పొచ్చు. కానీ దాని నిర్ధారకం 10⁻⁴⁰⁰. కంప్యూటర్లు మామూలుగా వాడే 64 బిట్ల దశాంశ సంఖ్యల్లో అంత చిన్న విలువ ఇమడదు, సున్నాగా మారిపోతుంది.

```python
import numpy as np
A = 0.1 * np.eye(400)
b = np.ones(400)
print(np.linalg.det(A))          # 0.0
print(np.linalg.solve(A, b)[0])  # 10.0
```

ఇక్కడ క్రామర్ సూత్రం వాడితే సున్నాను సున్నాతో భాగించి `nan` వస్తుంది. ఇంత తేలికైన లెక్క సాధించలేనిదిగా కనిపిస్తుంది. నిర్ధారకం చాలా చిన్నదిగా ఉన్నంత మాత్రాన సమీకరణాలు చెడ్డవని అనుకోకూడదు. ప్రోగ్రాముల్లో `det` విలువ సున్నాకు దగ్గరగా ఉందా అని పరీక్షించి నిర్ణయం తీసుకునే అలవాటు ఇందువల్లే నమ్మదగినది కాదు. ఆ పనికి, ఇచ్చిన సంఖ్యల్లో చిన్న తేడా జవాబును ఎంత మార్చగలదో చెప్పే `np.linalg.cond` చూడాలి. ఈ మాత్రికకు అది 1 ఇస్తుంది, అంటే అంతకంటే మంచి మాత్రిక ఉండదు.

రెండు మూడు రాశుల లెక్కలను చేత్తో చేసేటప్పుడు, గుణకాలు సంఖ్యలు కాక a, b, k లాంటి అక్షరాలైనప్పుడు మాత్రం క్రామర్ పద్ధతే హాయి. k ఏ విలువ దగ్గర సాధన చెడిపోతుందో Δ = 0 అని రాస్తే తెలిసిపోతుంది. తొలగింపులోనైతే ప్రతి భాగహారం దగ్గరా భాజకం సున్నా అవుతుందేమోనని విడిగా చూసుకోవాలి.