మేస్త్రీతో మాట్లాడిన కాల్ రికార్డింగ్‌ని ఒక పేజీలోకి దించడం: ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

మా బావ హైదరాబాద్‌లో ఉంటాడు. ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో వాళ్ల ఇంటి మీద మేడ వేయించాలని 2024 మే నెలలో మేస్త్రీతో ఫోన్‌లో మాట్లాడాడు. పద్నాలుగు నిమిషాల కాల్. రికార్డ్ చేస్తున్నానని మొదట్లోనే ఆయనకి చెప్పి, తర్వాత ఆ ఆడియో నాకు పంపాడు. పనేంటి, డబ్బెంత, ఎప్పటికి అవుతుంది, ఈ మూడూ ఒక పేజీలో రాసిపెట్టమన్నాడు. అరగంటలో రాసేశాను. మూడు చోట్లా తప్పు రాశాను. మళ్లీ మొదటినుంచి విని రాయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ సాయంత్రం తెలిసినవే ఇక్కడ చెబుతున్నాను. మన సరిహద్దు ఊళ్లలో ఇల్లు కట్టించే వాళ్లకి పనికొస్తాయి.

సమస్య: రేటుని అడుగులతో గుణిస్తే మేస్త్రీ చెప్పిన మొత్తం రావట్లేదు

నేను మొదట రాసుకున్నది: లేబర్ రేటు అడుగుకి 300, మేడ 800 చదరపు అడుగులు, మొత్తం 2,40,000. కానీ అదే కాల్‌లో తొమ్మిదో నిమిషం దాటాక మేస్త్రీ "మొత్తానికి మూడు ఇరవై దాకా అవుద్ది బాబూ" అన్నాడు. ఆ మాట నేను విన్నాను, కానీ ఏదో మెటీరియల్ లెక్క అనుకుని వదిలేశాను. ఎనభై వేల తేడా అక్కడే దాక్కుంది.

ఇందులో రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మొదటిది భాష. మా వైపు మేస్త్రీలు తెలుగులోనే మాట్లాడతారు గానీ, లెక్క దగ్గరికి వచ్చేసరికి ఒడియా అంకెలు దొర్లిపోతాయి. మూడో నిమిషంలో ఆయన అన్నది "అడుగుకి సాఢే తిని". నా చెవికి "తిని" ఒక్కటే ఆనింది, మూడొందలు రాసేశాను. సాఢే అంటే ఆ అంకె మీద ఇంకో సగం. కాబట్టి సాఢే తిని అంటే మూడున్నర, అంటే ఇక్కడ 350. ఇలాంటివే ఇంకో రెండు మాటలు ఉన్నాయి. దెఢ అంటే ఒకటిన్నర, అఢేయి అంటే రెండున్నర. మేస్త్రీ "అఢేయి" అని ఊరుకుంటే అది 250 కావచ్చు, రెండున్నర లక్షలూ కావచ్చు. రేటు గురించి మాట్లాడుతున్నాడా, మొత్తం గురించా అన్నది ముందు వెనక మాటలు వింటేనే తెలుస్తుంది. అందుకే అంకె వినిపించిన చోట రికార్డింగ్‌ని ఇరవై సెకన్లు వెనక్కి జరిపి మళ్లీ వినాలి. మాటని విన్నది విన్నట్టే రాసుకుని, దాని పక్కన అంకె వేయాలి.

350 పెట్టినా 800 అడుగులకి 2,80,000 మాత్రమే వస్తుంది. ఇంకా నలభై వేలు తేలలేదు. ఇక్కడ చేయాల్సిన పని గుణించడం కాదు, భాగించడం. ఆయన చెప్పిన 3,20,000ని 350తో భాగిస్తే సుమారు 914 అడుగులు. అంటే ఆయన మనసులో ఉన్న అడుగులు 800 కావు. బావకి ఫోన్ చేసి అడిగితే, 800 అన్నది గోడలతో సహా గదుల లెక్క, బాల్కనీ, మెట్ల స్లాబ్ కలపకుండా వేసింది అన్నాడు. ముందువైపు బాల్కనీ 20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అది 80. మెట్ల మీద వచ్చే చిన్న స్లాబ్ 8కి 5, అది 40. ఆ రెండూ 800కి కలిపితే 920 అడుగులు, 350 చొప్పున 3,22,000. మేస్త్రీ "మూడు ఇరవై దాకా" అన్నది సరిగ్గా దీనికి సరిపోయింది. లేబర్ కాంట్రాక్టు మాట్లాడే మేస్త్రీ స్లాబ్ ఎంత పోస్తే అంత అడుగు లెక్క వేసుకుంటాడు. ఇంటివాళ్లు గదుల్ని లెక్కపెట్టుకుంటారు. ఇద్దరూ "అడుగు" అనే అంటారు.

ఇంకో ఆధారం కూడా దొరికింది. డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో పదకొండో నిమిషంలో చెప్పాడు: ముందు యాభై, స్లాబ్ అయ్యాక దెఢ, చివర్న లక్షా ఇరవై. యాభై వేలు, లక్షన్నర, లక్షా ఇరవై వేలు కలిపితే 3,20,000. వాయిదాలు కూడితే మొత్తం వచ్చిందంటే మూడు అంకెలూ సరిగ్గా విన్నట్టే. ఏ కాల్‌లో అయినా వాయిదాల మాట వస్తే ముందు ఈ కూడిక వేసి చూస్తాను.

పేజీలో మాత్రం ఇలా రాశాను:

మేస్త్రీ చెప్పింది (3:10): లేబర్ రేటు అడుగుకి "సాఢే తిని", 350.
మేస్త్రీ చెప్పింది (9:40): మొత్తం "మూడు ఇరవై దాకా". ఖాయం అనలేదు.
నా లెక్క: 920 అడుగులు, 3,22,000. స్లాబ్ కొలతా, గదుల కొలతా అని కాల్‌లో ఎవరూ అనలేదు. అడగాలి.

ఆయన అన్నదీ నేను లెక్కకట్టిందీ వేర్వేరు లైన్లలో ఉండాలి. రెండూ కలిపేస్తే నెల తర్వాత చూసినప్పుడు నా గుణకారమే ఆయన మాటలా కనిపిస్తుంది. "దాకా" అన్న చిన్న మాటని కూడా వదలకూడదు. దాన్ని తీసేస్తే ఆయన ఇవ్వని హామీ ఇచ్చినట్టు అవుతుంది.

సమస్య: పని జాబితా నిండుగా ఉంది, కానీ పని మొదలయ్యాక "అది నాది కాదు" అంటున్నారు

కాల్‌లో "గోడలు, స్లాబు, ప్లాస్టరింగు అంతా నేనే చూసుకుంటా" అని ఉంటుంది. మనం "అంతా" అన్న మాట పట్టుకుని అన్నీ రాసేస్తాం. నిజానికి ఆ మాటకి ముందు ఆయన చెప్పిన మూడు పనులే ఆ "అంతా". ఫోన్‌లో "అది", "ఆ పై పని", "మొన్న చూపించింది" అనే మాటలు కూడా ఇంతే. ఇద్దరూ సైట్‌లో నిలబడి చూపించుకున్న సంగతి అది, రికార్డింగ్‌లో లేదు.

దీనికి కాల్ వరుసలో రాసుకుంటూ పోతే సరిపోదు. ముందే పని జరిగే వరుసలో ఒక జాబితా రాసి పెట్టుకుని, ఒక్కో దానికీ జవాబు కోసం రికార్డింగ్ వినాలి. మా మేడకి నేను రాసుకున్నవి: పాత స్లాబ్ మీద ఉన్న కడ్డీలు శుభ్రం చేయడం, గోడలు, సెంట్రింగ్ రేకులూ, స్లాబ్ కింద ఆసరాగా నిలబెట్టే పోటీలూ ఎవరివి, కడ్డీ కట్టడం, బైండింగ్ వైరు, మిక్సర్ అద్దె, స్లాబ్‌కి నీళ్లు కట్టడం, లోపలి ప్లాస్టరింగ్, బయటి ప్లాస్టరింగ్, సన్‌షేడ్లు, పిట్టగోడ, కరెంటు పైపుల కోసం గోడకి గాడి కొట్టడం, చెత్త దించడం. ప్రతి దాని ఎదురుగా మూడు జవాబుల్లో ఒకటే: మేస్త్రీది, మనది, మాట రాలేదు.

మొత్తం పదమూడింటిలో నాలుగింటి గురించి ఎవరూ మాట్లాడలేదు. మిక్సర్ అద్దె, బయటి ప్లాస్టరింగ్, పిట్టగోడ, చెత్త. బయటి ప్లాస్టరింగ్‌కి పరంజా కట్టాలి, అది చిన్న ఖర్చు కాదు. నా మొదటి పేజీలో ఉత్త "ప్లాస్టరింగ్: మేస్త్రీది" అని ఉంది. మాట రాని చోట "మాట రాలేదు" అని రాయడానికి చెయ్యి రాదు, ఏదో ఒకటి నింపేయాలనిపిస్తుంది. కానీ ఆ నాలుగు ఖాళీలే బావకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి. మర్నాడు ఏం అడగాలో వాటివల్లే తెలిసింది.

సమస్య: తేదీ రాశారు, మేస్త్రీ అది నేను చెప్పిన తేదీ కాదంటున్నాడు

ఆయన చెప్పింది తేదీ కాదు, పండగ. "రథయాత్ర లోపు స్లాబ్ వేసేస్తా" అన్నాడు. 2023లో రథయాత్ర జూన్ 20న వచ్చింది కాబట్టి నేను అదే గుర్తుతో "జూన్ 20 లోపు" అని రాశాను. 2024లో రథయాత్ర జూలై 7. పదిహేడు రోజుల తేడా. అది తిథి పండగ, ఏటా తేదీ మారుతుంది, అధికమాసం వస్తే ఇంకా ఎక్కువ మారుతుంది. పండగ పేరు విన్నప్పుడు ఆ పేరే రాసి, ఆ ఏడాది క్యాలెండర్ చూసి పక్కన తేదీ వేయాలి.

లెక్కలో ఇంకో పండగ కూడా కలపాలి. జూన్ నడిమిలో రజో వస్తుంది. ఆ మూడు రోజులూ భూమిని దున్నకూడదు, తవ్వకూడదు అని ఒడియా వాళ్ల నియమం. కూలీలు ఇళ్లకి పోతారు. మేస్త్రీ "నెల రోజుల పని" అన్నప్పుడు ఆ సెలవులు కలిపే అన్నాడా అని అడగాలి.

తర్వాత షరతులు చూడాలి. "పాతపట్నం నుంచి సెంట్రింగ్ వాళ్లు వస్తే", "ఇసుక అందితే" అని వాక్యం మొదట్లో మెల్లగా అంటారు. తేదీ చివర్లో గట్టిగా వినిపిస్తుంది. పేజీలో తేదీతో పాటు షరతు కూడా అదే లైన్‌లో ఉండాలి. లేకపోతే ఇసుక మనం తెప్పించాల్సింది అయినా ఆలస్యం ఆయనదే అనిపిస్తుంది.

చివరిగా, ఆ తేదీలు ఒకదానితో ఒకటి కుదురుతాయా అన్నది. మేస్త్రీ "స్లాబ్ వేసిన పదో రోజున లోపల ప్లాస్టరింగ్ మొదలు" అన్నాడు. బావ వాళ్ల హాలు వెడల్పు 16 అడుగులు, అంటే 4.5 మీటర్లు దాటింది. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కి పోటీలు కనీసం 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉంచాలి. ఇది మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి. బూడిద కలిసే పీపీసీ, స్లాగ్ సిమెంటుకి ఇంకా ఆగాలి. పోటీలు నిలబడి ఉండగా హాలు సీలింగ్‌కి ప్లాస్టరింగ్ ఎలా చేస్తారు? ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుకోలేదు. చిన్న గదుల నుంచి మొదలుపెడతాడేమో. కానీ ఆ మాట కాల్‌లో లేదు. కాబట్టి "పదో రోజు" అని ఆయన మాటే రాసి, కింద "హాలులో పోటీలు 14 రోజులకి ముందు తీయకూడదు, అడగాలి" అని చేర్చాను.

సమస్య: మాట సరిగ్గా వినిపించట్లేదు

ఆయన వెనక మిక్సర్ తిరుగుతుంటే ఇరవైకీ అరవైకీ, యాభైకీ ఎనభైకీ తేడా తెలియదు. వేగం తగ్గించి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు వినండి. అయినా తెలియకపోతే ఊహించొద్దు. నిమిషం, సెకను రాసి ప్రశ్న గుర్తు పెట్టండి.

సమస్య: పేజీ పంపినా మేస్త్రీ జవాబు ఇవ్వట్లేదు

నేను తెలుగులో టైప్ చేసి వాట్సాప్‌లో పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, మాట లేదు. తర్వాత తెలిసింది, ఆయన బడి ఒడియాలో చదివాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇలాంటి వాళ్లు చాలామంది. అందుకే అదే పేజీని నేనే చదివి వాయిస్ మెసేజ్‌గా పంపాను, ఒకటిన్నర నిమిషం. "మేస్త్రీ గారూ, మీరు చెప్పినట్టు రాసుకున్నాం, వినండి. తప్పుంటే చెప్పండి" అని మొదలుపెట్టి, ముందు ఆయన చెప్పినవి, తర్వాత అడగాల్సినవి చదివాను. అడుగు స్లాబ్‌దా, గదులదా? బయటి ప్లాస్టరింగ్ ఎవరిది? పిట్టగోడ రేటులోనేనా? స్లాబ్ జూలై 7 లోపే కదా?

సాయంత్రానికి ఆయన గొంతులోనే జవాబు వచ్చింది. అడుగు స్లాబ్‌దే. పిట్టగోడ అందులోనే. బయటి ప్లాస్టరింగ్ వేరు, దానికి రేటు సైట్ చూశాక చెబుతానన్నాడు. మిక్సర్ అద్దె మనది. చెత్త సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగడం మర్చిపోయాను. ఆ లైన్ ఎదురుగా "మాట రాలేదు" అలాగే ఉంచి, ఆయన వాయిస్‌నీ అసలు రికార్డింగ్‌నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, పేజీ బావకి పంపాను.